ట్రయల్ విన్నాక ఏం అడగాలి? – 4వ పాఠం: మధ్యలో పోయినవాళ్లు ఏ లెక్కలో ఉన్నారు?

గత పాఠంలో పి-విలువ దేనికి పనికొస్తుందో, దేనికి పనికిరాదో చూశాం. ఈసారి ఒక్క విషయం మీదనే ఉందాం. మందుల ట్రయల్ మొదలైనప్పుడు ఉండి, చివరికి లేకుండా పోయినవాళ్ల సంగతి ఇది. నల్లగొండలోనో పాలమూరులోనో జరిగే సీఎంఈ శిక్షణలో ప్రెజెంటేషన్ వింటున్న పీహెచ్‌సీ డాక్టరు, ఫార్మసిస్టు, స్టాఫ్ నర్సు ఎవరైనా ఈ ప్రశ్న అడగవచ్చు. దీనికి భాగహారం వస్తే చాలు.

ఒక ఊహాత్మక ట్రయల్ తీసుకుందాం. షుగరు వల్ల కాలికి పుండు పడ్డవాళ్లు 400 మంది. చీటీలు తీసినట్టు ర్యాండమైజ్ చేసి 200 మందికి కొత్త ఆయింట్‌మెంటు, 200 మందికి మామూలు డ్రెస్సింగ్ ఇచ్చారు. 12 వారాలకు పుండు పూర్తిగా మానిందా లేదా అన్నది ఫలితం. చివరి స్లైడ్ మీద ఇలా ఉంది: కొత్త మందుతో 64 శాతం మందికి మానింది, పాతదానితో 50 శాతం మందికి, పి-విలువ 0.01. హాల్లో చప్పట్లు.

ఇప్పుడు ఆ స్లైడ్ కింద మూలన చిన్న అక్షరాల్లో ఉన్నది చూడండి. కొత్త మందు వైపు `n = 140`, పాతదాని వైపు `n = 180`. మొదట్లో రెండు వైపులా 200 ఉన్నారు కదా! అంటే ఒకవైపు 60 మంది, ఇంకోవైపు 20 మంది లెక్కలోంచి జారిపోయారు. మానినవాళ్లు మాత్రం రెండు వైపులా 90 మందే. 90ని 140తో భాగిస్తే 64 శాతం, 180తో భాగిస్తే 50 శాతం. అదే 90ని మొదట చేర్చుకున్న 200తో భాగిస్తే రెండు వైపులా 45 శాతం. తేడా మొత్తం కింది అంకెలోంచి వచ్చిందే.

పి-విలువ 0.01 ఉంది కదా అని ఎవరైనా అనవచ్చు. ఆ లెక్క తప్పు కాదు. ఇంత తేడా యాదృచ్ఛికంగా వచ్చే అవకాశం ఎంత తక్కువో అది చెప్పింది, అంతే. ఎవరు మిగిలారు, ఎవరు పోయారు అన్న పక్షపాతం దానికి కనిపించదు.

అందుకే వింటున్నప్పుడే నోటుబుక్కులో ఒక్కో వైపుకు ఒకటి చొప్పున రెండు నిలువు వరుసలు గీయండి. పైన ర్యాండమైజ్ చేసినవాళ్లు, మధ్యలో పోయినవాళ్లు, కింద విశ్లేషణలో ఉన్నవాళ్లు. అంకెలు కుదరని చోటే మీ మొదటి ప్రశ్న: "సార్, మొదట 200 మంది అన్నారు, ఫలితం స్లైడ్‌లో 140 ఉంది. మిగతా 60 మంది ఎప్పుడు, ఎందుకు పోయారు?"

ఆ ఎందుకు అన్నదే అసలు కీలకం. మన దగ్గర పాలమూరు వైపు నారాయణపేట, మక్తల్, కోస్గి ఊళ్ల నుంచి జనం ముంబై, పుణె, హైదరాబాదు పనులకు వలస పోవడం ఉన్నదే. పుండు మానినవాడు పనికి పోయి ఫాలో-అప్‌కు రాకపోవచ్చు. మానక చీము పట్టినవాడు పెద్ద దవాఖానకు పోయి రాకపోవచ్చు. రిజిస్టరులో ఇద్దరికీ "రాలేదు" అనే ఉంటుంది. ఒకరిని వదిలేస్తే మందు విలువ తగ్గి కనిపిస్తుంది, ఇంకొకరిని వదిలేస్తే పెరిగి కనిపిస్తుంది. కొత్త ఆయింట్‌మెంటు మండి వాడటం ఆపేసినవాళ్లు ఆ 60 మందిలో ఎక్కువగా ఉంటే, మందు చేసిన ఇబ్బందే దాని స్కోరు పెంచినట్టవుతుంది. కాబట్టి "లాస్ట్ టు ఫాలో-అప్" అన్న జవాబుతో ఆగకండి. మళ్లీ ఫోను చేశారా, ఇంటికి పోయి చూశారా, ఎంతమంది సంగతి తెలిసింది అని అడగండి.

రెండో ప్రశ్న: "మేడమ్, ర్యాండమైజ్ చేసిన అందరినీ ఏ వైపు వేశారో ఆ వైపే ఉంచి లెక్కిస్తే ఫలితం ఎంత?" దీన్నే ఇంటెన్షన్-టు-ట్రీట్, పొట్టిగా ఐటీటీ విశ్లేషణ అంటారు. మందు వాడనివాళ్లను కూడా మందు వైపే ఎందుకు లెక్కించాలి అని చాలామంది అభ్యంతరం చెబుతారు. దీనికి గట్టి జవాబు అమెరికాలో జరిగిన కరోనరీ డ్రగ్ ప్రాజెక్ట్‌లో దొరికింది. గుండెపోటు వచ్చిన మగవాళ్లకు కొలెస్ట్రాల్ తగ్గించే క్లోఫిబ్రేట్ ఇచ్చి, అయిదేళ్లలో మరణాలు ఎన్నో చూశారు. 1980లో వెలువడిన విశ్లేషణ ప్రకారం, మాత్రలు 80 శాతమో అంతకన్నా ఎక్కువో వేసుకున్నవాళ్లలో మరణాలు సుమారు 15 శాతం, తక్కువ వేసుకున్నవాళ్లలో సుమారు 25 శాతం. ఇది చూస్తే మందు అద్భుతంగా పనిచేసిందనిపిస్తుంది. కానీ మందే లేని ప్లసీబో మాత్రలు వేసుకున్నవాళ్లలో కూడా క్రమం తప్పనివాళ్లలో సుమారు 15 శాతం, తప్పినవాళ్లలో సుమారు 28 శాతం చనిపోయారు. మొత్తం గుంపులను పోలిస్తే క్లోఫిబ్రేట్ వైపు సుమారు 20, ప్లసీబో వైపు సుమారు 21 శాతం. మందు వల్ల చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మాత్రలు క్రమం తప్పకుండా వేసుకునే మనిషికి, వేసుకోని మనిషికి ఆరోగ్యంలో, అలవాట్లలో ముందే తేడా ఉంటుంది. ర్యాండమైజేషన్ రెండు గుంపులను సమానం చేస్తుంది. తర్వాత మనం కొందరిని ఏరేస్తే ఆ సమానత్వం పోతుంది.

"ఐటీటీ చేశాం" అని జవాబు వస్తే ఇంకో అడుగు వేయాలి: "ఆఖరి విజిట్‌కు రానివాళ్ల ఫలితాన్ని ఎలా నింపారు?" మన ఉదాహరణలో 45 శాతం రావాలంటే, పోయినవాళ్లలో ఒక్కరికీ మానలేదని అనుకున్నట్టే. అది కూడా ఊహే. కొత్త మందు వైపు పోయిన 60 మందిలో 20 మందికి, పాతదాని వైపు 20 మందిలో 10 మందికి మానిందనుకుంటే 55, 50 శాతం అవుతాయి. తేడా 5. దాని 95 శాతం విశ్వాసాంతరం సుమారు మైనస్ 5 నుంచి ప్లస్ 15 వరకు పోతుంది, మధ్యలో సున్నా కూడా ఉంది, అంటే అసలు తేడాయే లేకపోయి ఉండవచ్చు. ఏ ఊహ పెడితే జవాబు మారుతుందో వక్త చూపించగలగాలి. చివరిసారి చూసిన విలువనే ముందుకు లాగి నింపామంటే జాగ్రత్త పడండి, ఎందుకంటే నాలుగో వారంలో ఉన్న పుండు పన్నెండో వారంలోనూ అలాగే ఉంటుందన్న నమ్మకం ఏమీ లేదు. "మాడిఫైడ్ ఐటీటీ" అన్న మాట వినిపిస్తే ఎవరిని తీసేశారో, ఆ నియమం ఫలితాలు చూడకముందే రాసుకున్నదేనా అని అడగండి.

ఒక చోట మాత్రం ఐటీటీ ఒక్కటే చాలదు. కొత్త మందు పాతదానికన్నా తీసిపోదు అని చూపించే నాన్-ఇన్‌ఫీరియారిటీ ట్రయల్‌లో, రెండు వైపులా చాలామంది మందు సరిగ్గా వాడకపోతే రెండు గుంపులూ ఒకేలా కనిపిస్తాయి. అక్కడ నిర్లక్ష్యమే "తీసిపోదు" అన్న ఫలితాన్ని తెచ్చిపెట్టవచ్చు. అందుకని నియమం ప్రకారం వాడినవాళ్లతో చేసే పర్-ప్రోటోకాల్ లెక్క కూడా అడిగి, రెండూ ఒకే దారిలో ఉన్నాయా చూడాలి.

అభ్యాసం: బీపీ మందు ట్రయల్, ఒక్కో వైపు 150 మంది. కొత్త మందు వైపు 15 మంది పోయారు, మిగతా 135లో 81 మందికి బీపీ అదుపులోకి వచ్చింది. పాతదాని వైపు 18 మంది పోయారు, 132లో 66 మందికి వచ్చింది. పోయినవాళ్ల సంఖ్య ఇంచుమించు సమానం. అయితే కొత్త మందు వైపు 15 మందీ తల తిరుగుతోందని మానేశారు, పాతదాని వైపు 18 మందీ ఊరు మారారు. రెండు భాగహారాలూ చేసి, వక్తను మొదట ఏం అడుగుతారో ఒక్క వాక్యంలో రాసిపెట్టుకోండి. 5వ పాఠం ఆ లెక్కతోనే మొదలవుతుంది.