కలుద్దామని మెసేజ్ పెడితే జవాబు రాలేదా? రెండోసారి ఇలా రాయండి

నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట వైపు రెండు రొయ్యల గుంటలున్న రైతు సంగతి తీసుకుందాం. సోమవారం ఆయన ఒక కంపెనీ కొనుగోలు మేనేజరుకు వాట్సాప్‌లో ఇలా రాశాడు: "సార్, నమస్కారం. మా గుంటల విషయం మాట్లాడాలి. ఒకసారి కలుద్దాం." బుధవారం రాత్రికీ ఉలుకూ పలుకూ లేదు. గుర్తు చేస్తే ఏమనుకుంటాడోనని ఒక పక్క భయం, పట్టించుకోలేదని ఇంకో పక్క కోపం.

ముందు తేదీ చూసుకోండి. ఎప్పుడు గుర్తు చేయాలో మీ కోపమో మొహమాటమో కాదు, పని తేదీ చెప్పాలి. అమావాస్య వచ్చే వారం కాక ఆ పై వారం సోమవారం. ఆ రోజుల్లో రొయ్య పెంకు విడుస్తుంది, మెత్త రొయ్యకు రేటు కోస్తారు. కాబట్టి వచ్చే గురువారమే రొయ్యల పట్టుబడి పెట్టుకోవాలని ఆయన ఆలోచన. ఐసు, బండి, మనుషులను మాట్లాడుకోవడానికి రెండు రోజులు పోతే, బేరం సోమవారం సాయంత్రానికి తేలాలి. అక్కడి నుంచి వెనక్కి లెక్కేస్తే ఈ గురువారమే గుర్తు చేయాలి. ఇంకా ఆగితే మేనేజరుకు వీలు చూసుకునే వ్యవధే ఉండదు. ఇంత తొందర లేని పనికైతే నాలుగైదు పనిదినాలు ఆగినా నష్టం లేదు.

మొదటి మెసేజ్‌ను మళ్లీ చదవండి. జవాబు రాకపోవడానికి సగం కారణం అందులోనే ఉంటుంది. పై మెసేజ్‌లో ఎన్ని టన్నులో లేదు, కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో చెప్పే కౌంటు లేదు, ఎప్పుడు కలవాలో లేదు. చదివినవాడు ఏమని జవాబివ్వాలి? "చూశారా సార్?" అని దాన్నే మళ్లీ తోస్తే లాభం లేదు. రెండో మెసేజ్ ఒక్క మాటతో జవాబు చెప్పగలిగేలా ఉండాలి.

గురువారం మధ్యాహ్నం ఆయన ఇలా రాయవచ్చు. తెల్లవారుజామున వద్దు, పట్టుబడుల హడావిడిలో బండ్లు, ఐసు గోలలో మీ మెసేజ్ కిందికి పోతుంది.

"సార్, నమస్కారం. ఇందుకూరుపేట నుంచి. కలవాలని సోమవారం మెసేజ్ పెట్టాను. రెండు గుంటలు, సుమారు ఆరు టన్నులు, ప్రస్తుతం 45 కౌంట్. వచ్చే గురువారం పట్టుబడి అనుకుంటున్నాం. రేటు, డబ్బు ఎన్ని రోజులకు ఇస్తారు అనే రెండు విషయాలు మాట్లాడాలి, 20 నిమిషాలు చాలు. శనివారం ఉదయం 11కి గానీ, సోమవారం ఉదయం 10కి గానీ మీ ఆఫీసుకు వస్తాను. ఏది వీలో చెప్పండి. మీకు కుదరకపోతే ఎవరిని కలవాలో చెప్పినా చాలు."

ఇందులో క్షమాపణ లేదు, నిష్ఠూరం లేదు. "మీకు ఖాళీ ఉంటే, ఇబ్బంది లేకపోతే, ఎప్పుడైనా..." అని రాస్తే మర్యాదగానే ఉంటుంది కానీ, అవతలి వాడు "ఎప్పుడైనా" అన్న మాటే పట్టుకుంటాడు. అటు "బ్లూ టిక్ పడింది, చూసి కూడా..." అన్నారో, పని పక్కకు పోయి వాదన మొదలవుతుంది. చూడడం వేరు, తీరిక దొరకడం వేరు. చివరి వాక్యం మాత్రం తీసేయకండి. కాదనడానికి మొహమాటపడి ఊరుకునేవాళ్లు చాలామంది, వాళ్లకు అది దారి చూపిస్తుంది.

శనివారం ఉదయానికీ జవాబు లేకపోతే ఒక్కసారి ఫోన్ చేయండి. ఎత్తకపోతే వరసగా మూడుసార్లు కొట్టకండి. పై అధికారికి చెప్పడమూ అప్పుడే వద్దు, తర్వాత ఆ మేనేజరుతోనే కౌంటు దగ్గర నిలబడాలి కదా. చెప్పాపెట్టకుండా ఆఫీసుకు వెళ్లి కూర్చోవడం కొన్నిచోట్ల పనిచేస్తుంది, నాకు మాత్రం నచ్చదు. ఫోన్ ఎత్తకపోతే ఈ మెసేజ్ చాలు:

"సార్, ఫోన్ చేశాను, పనిలో ఉన్నట్టున్నారు. పట్టుబడి గురువారమే కాబట్టి సోమవారం మధ్యాహ్నం దాకా చూస్తాను. ఆలోపు మాట్లాడుకోలేకపోతే ఈసారికి వేరే వాళ్లకు ఇస్తాం. తర్వాతి పంటకు మళ్లీ కలుస్తాను."

నిజంగా వేరేవాళ్లకు ఇచ్చే ఉద్దేశం ఉంటేనే ఆ మాట రాయండి. రాశాక సోమవారం సాయంత్రం "సరే సార్, ఇంకో రోజు చూస్తాను" అంటే తర్వాత మీరు చెప్పే ఏ తేదీనీ ఆయన లెక్కచేయడు. ఈలోపు ఇంకో ఇద్దరు కొనుగోలుదార్లను రేటు అడిగి ఉంచుకుంటే టెన్షన్ ఉండదు, రాసే మాటలో బతిమాలడమూ కనిపించదు.

"చూద్దాం లెండి" అని జవాబొస్తే సంబరపడకండి. "అలాగే సార్, సోమవారం 10కి రానా?" అని వెంటనే అడగండి.