లేఓవర్‌లో దేశంలోకి వెళ్తున్నామా, లేదా? పాఠం 4: ఒకే టికెట్, రెండు షెంగెన్ విమానాశ్రయాలు

ఈ పాఠంలో అమెరికా విమానాశ్రయాల గురించి చెప్పుకోవాలనుకున్నాం. అది వచ్చే పాఠానికి వాయిదా వేస్తున్నాను. పోయినసారి అభ్యాసానికి వచ్చిన జవాబులు చూశాక మూడో పాఠాన్ని ఇంకొంచెం సాగదీయక తప్పదనిపించింది.

మూడో పాఠంలో చెప్పుకున్నది ఇది. టికెట్ ఒకటే అయి, బ్యాగు చివరి ఊరిదాకా ట్యాగ్ అయితే మధ్యలో దాన్ని తీసుకోవడానికి బయటికి రానక్కర్లేదు. టికెట్లు వేరువేరు అయితే బ్యాగు మధ్యలో బెల్టు మీదికి వస్తుంది, బెల్టు ఇమిగ్రేషన్ దాటాక ఉంటుంది, కాబట్టి ఆ దేశంలోకి వెళ్లినట్టే. చాలామంది దీన్ని తిరగేసి చదివారు: "బ్యాగు చివరిదాకా వెళ్తోంది కాబట్టి నేను ఏ దేశంలోకీ వెళ్లడం లేదు." ఇది నిజం కాదు. బ్యాగు ఎయిర్‌సైడ్‌లోనే, అంటే ఇమిగ్రేషన్‌కు ఇవతలే, ఉండిపోయినా మనిషి ఇమిగ్రేషన్ దాటాల్సిన సందర్భాలు ఉన్నాయి. బెంగళూరు, చెన్నైల నుంచి అమెరికా వెళ్లే పిల్లలకు వాటిలో ఎక్కువగా తగిలేది షెంగెన్, అంటే తమ మధ్య సరిహద్దు తనిఖీలు తీసేసుకున్న యూరప్ దేశాల ప్రాంతం.

ఒక టికెట్ చూద్దాం. వేళలు ఉదాహరణ కోసం వేసినవి. ప్రయాణించేది బెంగళూరు నుంచి బోస్టన్‌కు చదువుకు వెళ్లే అమ్మాయి. పాస్‌పోర్టు భారతీయం, అందులో అమెరికా ఎఫ్-1 వీసా చెల్లుబాటులో ఉంది. టికెట్ ఒకటే, పీఎన్ఆర్ ఒకటే.

```
BLR 03:10 - FRA 09:00
FRA 11:00 - ZRH 11:55
ZRH 13:20 - BOS 15:35
```

బెంగళూరు కౌంటర్లో బ్యాగుకు కట్టే ట్యాగు మీద పెద్దక్షరాల్లో BOS ఉంటుంది, దాని దగ్గరే చిన్నగా ZRH, FRA ఉంటాయి. బ్యాగు బోస్టన్‌లోనే చేతికొస్తుంది. మూడో పాఠం లెక్కలో అంతా బాగానే ఉంది. అయినా ఈ అమ్మాయికి షెంగెన్ వీసా లేకపోతే బెంగళూరు కౌంటర్లోనే బోర్డింగ్ పాస్ ఇవ్వరు.

కారణం రెండో లైనులో ఉంది. ఫ్రాంక్‌ఫర్ట్ జర్మనీలో ఉంది, జ్యూరిక్ స్విట్జర్లాండ్‌లో ఉంది. దేశాలు రెండైనా రెండూ షెంగెన్ ప్రాంతంలోవే. షెంగెన్ లోపల ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పోయే విమానం మన బెంగళూరు-హైదరాబాద్ విమానం లాంటిదే, దేశవాళీ లెక్క. ఆ విమానం గేటుకు వెళ్లాలంటే ఫ్రాంక్‌ఫర్ట్‌లో పాస్‌పోర్ట్ కంట్రోల్ దాటాలి. దాటగానే షెంగెన్‌లోకి అధికారికంగా ప్రవేశించినట్టు. బయటికి వెళ్లి ఊరు చూసినా, గేటు నుంచి గేటుకు నడిచినా ఆ అధికారికి ఒకటే. తర్వాత జ్యూరిక్‌లో ఎగ్జిట్ చెక్ అయ్యాకే ఆ అమ్మాయి బోస్టన్ గేటుకు చేరుతుంది. అంటే లేఓవర్లలో ఒక ప్రవేశం, ఒక నిష్క్రమణ రెండూ జరిగిపోతాయి. ఫ్రాంక్‌ఫర్ట్‌లో రెండు గంటలే, జ్యూరిక్‌లో గంటన్నర కూడా లేదు అన్న వాదన అక్కడ చెల్లదు. నియమం గంటల మీద లేదు, ఏ గీత దాటుతున్నామన్న దాని మీద ఉంది.

ఇక్కడే దాదాపు ప్రతి ఉత్తరంలోనూ ఒకే మాట వచ్చింది: "మా దగ్గర అమెరికా వీసా ఉంది కదా సార్, షెంగెన్‌లో ట్రాన్సిట్‌కు మినహాయింపు ఉందన్నారు కదా." ఈ ఒక్క మాట మీదే ఎంతోమంది టికెట్లు కొనేస్తున్నారు కాబట్టి దీన్ని తాపీగా విప్పి చూద్దాం.

షెంగెన్ వీసాల్లో మనకు పనికొచ్చే రకాలు రెండు. స్టిక్కర్ మీద వీసా రకం అన్నచోట A అనో C అనో ఒక్క అక్షరం ఉంటుంది. A అంటే ఎయిర్‌పోర్ట్ ట్రాన్సిట్ వీసా. విమానాశ్రయంలోని అంతర్జాతీయ ట్రాన్సిట్ ప్రాంతంలో ఉండి, షెంగెన్ బయటికి పోయే ఇంకో విమానం ఎక్కడానికే అది. దానితో పాస్‌పోర్ట్ కంట్రోల్ దాటనివ్వరు. C అంటే లోపలికి రానిచ్చే వీసా. అమెరికా, కెనడా, జపాన్ వీసాలు చెల్లుబాటులో ఉన్నవారికి యూరప్ చట్టం ఇచ్చే మినహాయింపు A రకానికి మాత్రమే. C రకానికి ఆ మినహాయింపు లేదు, ఎప్పుడూ లేదు. అమెరికా వీసా మిమ్మల్ని ట్రాన్సిట్ హాలులో కూర్చోనిస్తుంది, హాలు దాటనివ్వదు. పై టికెట్‌లో హాలు దాటితే తప్ప జ్యూరిక్ విమానం దొరకదు.

కొందరు ఇంకో అడుగు ముందుకేసి, "అయితే A రకం వీసా తీసుకుంటాం" అని రాశారు. అది డబ్బు దండగ. రెండు షెంగెన్ విమానాశ్రయాలున్న దారికి A రకం వీసా చేతిలో ఉన్నా పని జరగదు. ఇంకొందరు "ఏ దేశానికి ట్రాన్సిట్ వీసా ఎత్తేశారో చూసి వెళ్తాం" అన్నారు. ఒక దేశం భారతీయులకు ఎయిర్‌పోర్ట్ ట్రాన్సిట్ వీసా అక్కర్లేదన్నా అది కూడా హాలు సంగతే. లోపలికి వెళ్లాలంటే C వీసా కావలసిందే.

అదే అమ్మాయి బెంగళూరు-ఫ్రాంక్‌ఫర్ట్-బోస్టన్ టికెట్ కొంటే? షెంగెన్ విమానాశ్రయం ఒక్కటే. బయటి నుంచి వచ్చి బయటికే పోతోంది. అమెరికా వీసా ఉంది కాబట్టి A రకం వీసా కూడా అక్కర్లేదు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో పాస్‌పోర్ట్ కంట్రోల్ దాటకుండా నేరుగా బోస్టన్ గేటుకు. ధర కాస్త ఎక్కువైనా నేనైతే ఇదే కొనమంటాను. C వీసా కోసం 90 యూరోల ఫీజు, దరఖాస్తు కేంద్రంలో అపాయింట్‌మెంట్, మామూలుగా 15 రోజుల నిరీక్షణ, అన్నిరోజులూ పాస్‌పోర్టు చేతిలో లేకపోవడం: ఇవన్నీ లెక్కేస్తే చవక టికెట్ చవక కాదు. పైగా 2025 అక్టోబర్ నుంచి షెంగెన్ సరిహద్దుల్లో వేలిముద్రలు, ఫొటో తీసుకునే కొత్త నమోదు మొదలైంది. రెండు గంటల లేఓవర్‌లో ఆ వరుసలో నిలబడడం ఎవరికీ మంచిది కాదు.

షెంగెన్ అంటే యూరోపియన్ యూనియన్ అనుకోకండి. స్విట్జర్లాండ్, నార్వే, ఐస్‌లాండ్ యూనియన్‌లో లేవు, షెంగెన్‌లో ఉన్నాయి. ఐర్లాండ్, సైప్రస్ యూనియన్‌లో ఉన్నాయి, షెంగెన్‌లో లేవు. బ్రిటన్ రెండింటిలోనూ లేదు. క్రొయేషియా 2023లో చేరింది. బల్గేరియా, రొమేనియాలకు షెంగెన్ విమానాశ్రయాలు, ఓడరేవుల వరకు 2024 మార్చి 31న, మిగతా సరిహద్దులకు 2025 జనవరి 1న వర్తించింది. పాత జాబితా చూసి లెక్కేసేవాళ్లు ఈ రెండింటి దగ్గర దెబ్బతింటున్నారు. ఐస్‌లాండ్ మీదుగా అమెరికాకు దొరికే చవక టికెట్లు ముఖ్యంగా జాగ్రత్త: బెంగళూరు-ఫ్రాంక్‌ఫర్ట్-రెక్యావిక్-బోస్టన్ అన్నది జ్యూరిక్ ఉదాహరణకు అచ్చంగా నకలు.

టికెట్ కొనేముందు నేను వాడే పద్ధతి చిన్నది. విమానాశ్రయాల కోడ్‌లన్నీ వరుసగా కాగితం మీద రాసి, షెంగెన్‌లో ఉన్నవాటి కింద గీత గీస్తాను. గీత ఉన్న కోడ్‌లు రెండు పక్కపక్కన వస్తే C వీసా కావాలి. అక్కడితో ఆ టికెట్ వదిలేస్తాను. గీత ఒక్కదానికే ఉంటే అప్పుడు బ్యాగు, టికెట్ల ప్రశ్నకు వెళ్తాను.

ఈ లెక్కలో మిగిలేది కౌంటర్. అక్కడి ఉద్యోగి నియమాన్ని గుర్తుంచుకుని చెప్పడు. టైమాటిక్ అనే డేటాబేస్‌లో మీ జాతీయత, చేరే దేశం, ట్రాన్సిట్ దేశం, మీకున్న వీసాలు కొడతాడు, తెర మీద వచ్చిందే పాటిస్తాడు. పత్రాలు సరిగా లేనివారిని ఎక్కిస్తే విమాన సంస్థే జరిమానా కట్టి, వెనక్కి తేవాలి కూడా. అందుకే అక్కడ బతిమాలితే ఫలితం ఉండదు. విమాన సంస్థల వెబ్‌సైట్లలో చాలావరకు ఇదే సమాచారం వెతుక్కోవచ్చు. కొడుతున్నప్పుడు ట్రాన్సిట్ గళ్లలో రెండు ఊళ్లూ పెట్టండి. ఒకటే పెట్టి "వీసా అక్కర్లేదు" అని చూసుకుని మురిసిపోవడం వల్లే పోయినసారి జవాబులు చాలా తప్పాయి.

చెన్నై పాఠకులు కౌలాలంపూర్ గురించి అడిగారు. అక్కడ సంగతి తేలిక, చివరలో వేరే రకంగా మలుపు తిరుగుతుంది. వేరు టికెట్లతో చెన్నై నుంచి టెర్మినల్ 2లో దిగి, మెల్‌బోర్న్‌కు టెర్మినల్ 1లో ఎక్కాలనుకోండి. ఆ రెండింటి మధ్య ఎయిర్‌సైడ్ దారి లేదు. ఇమిగ్రేషన్ దాటి, బ్యాగు తీసుకుని, రైలెక్కి మళ్లీ చెక్-ఇన్ చేయాలి. అయితే భారతీయులకు మలేషియాలో 2026 డిసెంబర్ 31 వరకు వీసా లేని ప్రవేశం ఉంది, కాబట్టి ప్రవేశిస్తున్నా వీసా అడగరు. అడిగేది డిజిటల్ అరైవల్ కార్డు. చేరడానికి ముందు మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో నింపాలి. "ట్రాన్సిట్టే కదా" అని అది నింపకుండా వెళ్తే ఇమిగ్రేషన్ వరుసలో ఫోన్ పట్టుకుని నింపుకోవాల్సి వస్తుంది. చెన్నై కౌంటర్లో మెల్‌బోర్న్ టికెట్, ఆస్ట్రేలియా వీసా ప్రింట్లు దగ్గర పెట్టుకోండి. అక్కడివారి తెర మీద మీ ప్రయాణం కౌలాలంపూర్‌తోనే ముగుస్తుంది. తర్వాత ఎటు వెళ్తారన్నది మీరే చూపించాలి. రెండు విమానాల మధ్య ఐదు గంటలకు తగ్గకుండా ఉంచుకోండి.

అభ్యాసం. పాస్‌పోర్టు భారతీయం, ప్రతి వరుసా ఒకే టికెట్. MAA అంటే చెన్నై, CDG పారిస్, KEF రెక్యావిక్, YYZ టొరంటో, DUB డబ్లిన్, OTP బుకారెస్ట్, LHR లండన్ హీత్రో.

```
1. BLR - CDG - KEF - YYZ
2. MAA - FRA - DUB
3. BLR - FRA - OTP - LHR
4. MAA - LHR - ZRH - BOS
```

మొదటి వరుసలో ప్రయాణికుడికి కెనడా స్టడీ వీసా ఉంది. రెండో దానిలో ఐర్లాండ్ వీసా, మూడో దానిలో బ్రిటన్ వీసా, నాలుగో దానిలో అమెరికా వీసా. ప్రతి దానికి ఎక్కడ ఇమిగ్రేషన్ దాటుతారో, ఎక్కడ దాటరో రాయండి. దాటే చోట ఏ వీసా కావాలో రాయండి. రెండో వరుసకు ఇంకో ప్రశ్న: పైన నేను చెప్పిన అమెరికా, కెనడా, జపాన్ పేర్లలో ఐర్లాండ్ లేదు. మరి ఫ్రాంక్‌ఫర్ట్‌లో హాలు మినహాయింపు సంగతేమిటి? మీరు టైమాటిక్ సమాచారం చూసిన తేదీతో సహా జవాబు రాయండి. తేదీ లేని జవాబును దిద్దను, ఆ నియమం మారే రకం. నాలుగో వరుసలో షెంగెన్ కోడ్ ఒక్కటే కనిపిస్తుంది, కానీ హీత్రో కూడా ఉంది. బ్రిటన్‌కు తనదైన ఎయిర్‌సైడ్ ట్రాన్సిట్ వీసా ఉంది, దాని మినహాయింపులు దానివే. రెండు లెక్కలూ విడివిడిగా చేయండి.

వచ్చే పాఠం అమెరికా: అక్కడ ఎయిర్‌సైడ్ ట్రాన్సిట్ అనేదే లేదు. డల్లాస్ మీదుగా మెక్సికో సిటీకి పోయే BLR - FRA - DFW - MEX టికెట్ ఒకటి దగ్గర పెట్టుకుని రండి.