ఒకే తాటితోపుకు రెండు జవాబులు వస్తే: సమస్య - పరిష్కారం

ఉద్దానం ఇసుక నేలలో తనంతట తాను మొలిచిన తాటితోపును తీసుకుందాం. 40 మీటర్ల చదరపు స్థలంలో, కాండం నిలబడిన చెట్లు 32 ఉన్నాయి. నడిచి చూస్తే గుంపులు గుంపులుగా కనిపిస్తాయి. కారణం కూడా కళ్లెదుటే ఉంటుంది. కాయలు కాసేది పెంటితాడే, పోతుతాడు కాయదు. పండిన కాయ బరువుకు నేరుగా తల్లిచెట్టు కిందే పడుతుంది. టెంక ఇసుకలో దిగి అక్కడే మొలుస్తుంది. తేగల కోసం జనం తవ్వగా మిగిలినవే చెట్లవుతాయి. అయినా లెక్క వేస్తే గుంపులు లేవని వస్తుంది. తప్పు కంటిదా, లెక్కదా?

లక్షణం 1: గడుల లెక్క గుంపులు లేవంటుంది

స్థలాన్ని 5 మీటర్ల గడులుగా విడదీస్తే 64 గడులు వస్తాయి. వాటిలో 36 ఖాళీ, 24 గడుల్లో ఒక్కో చెట్టు, 4 గడుల్లో రెండేసి. సగటు 0.5. గడుల సంఖ్యలు సగటు నుంచి ఎంత చెదిరాయో చెప్పే విస్తృతి 0.38. విస్తృతిని సగటుతో భాగిస్తే 0.76. ఈ నిష్పత్తి 1 దగ్గర ఉంటే అమరిక యాదృచ్ఛికం, బాగా ఎక్కువైతే గుంపులు, బాగా తక్కువైతే క్రమబద్ధం. దీన్ని గడుల సంఖ్య కంటే ఒకటి తక్కువతో, అంటే 63తో గుణిస్తే 48 వస్తుంది. 63 స్వేచ్ఛా పరిమితులకు కై-వర్గ పట్టికలో 43 నుంచి 87 దాకా యాదృచ్ఛికమే. కాబట్టి తీర్పు: యాదృచ్ఛికం.

కారణం గడి పరిమాణం. గుంపు కంటే గడి చిన్నదైతే ఒక్కో గుంపు నాలుగైదు గడుల మధ్య ముక్కలవుతుంది. ఏ గడిలోనూ ఒకటి రెండు చెట్లకు మించి పడవు. అప్పుడు నిష్పత్తి గుంపును చూడలేదు.

పరిష్కారం: అదే కొలతలతో నాలుగేసి గడులను కలిపి 10 మీటర్ల గడులు చేయండి. ఇప్పుడు 16 గడులు. అయిదు ఖాళీ, మూడింటిలో ఒకటి, మూడింటిలో రెండు, ఒకదానిలో మూడు, రెండింటిలో నాలుగు, రెండింటిలో ఆరు. సగటు 2, విస్తృతి 4.27, నిష్పత్తి 2.13. దీన్ని 15తో గుణిస్తే 32. పట్టిక హద్దు 27.5 కాబట్టి గుంపులు ఉన్నట్టే. ఒక్క చెట్టు కూడా కదలలేదు, గడి మాత్రమే మారింది. అందుకే గడి పరిమాణం చెప్పకుండా నిష్పత్తి ఒక్కటే రాసిన నివేదికను నేను నమ్మను. కనీసం మూడు పరిమాణాలతో లెక్క వేసి, నిష్పత్తి ఎక్కడ పెరుగుతుందో చూడండి. అది గుంపు ఎంత వెడల్పుందో కూడా సూచిస్తుంది.

లక్షణం 2: పొరుగుచెట్టు దూరం క్రమబద్ధం వైపు మొగ్గుతుంది

ప్రతి చెట్టుకూ దగ్గరి పొరుగుచెట్టు దూరం కొలిస్తే సగటు 4.10 మీటర్లు వచ్చింది. చెట్లు యాదృచ్ఛికంగా ఉంటే రావలసిన సగటు ఇలా తెలుస్తుంది. సాంద్రత చదరపు మీటరుకు 0.02, దాని వర్గమూలం 0.1414. 0.5ను దానితో భాగిస్తే 3.54 మీటర్లు. కొలిచిన సగటును దీనితో భాగిస్తే 1.16. ఇది 1954లో క్లార్క్, ఎవాన్స్ ఇచ్చిన సూచిక. ఇక్కడ అర్థం తిరగబడుతుందని గుర్తుంచుకోండి: 1 కంటే తక్కువైతే గుంపులు, ఎక్కువైతే క్రమబద్ధం.

మొదటి కారణం అంచు. హద్దుకు రెండు మీటర్ల లోపలున్న చెట్టుకు అసలు పొరుగు హద్దుకు ఆవల ఉండవచ్చు. దాన్ని వదిలి లోపలి దూరపు చెట్టును కొలుస్తాం, సగటు పెరుగుతుంది. వీలైతే హద్దు చుట్టూ 10 మీటర్ల పట్టీలోని చెట్లనూ పొరుగుగా తీసుకోండి. వీలు కాకపోతే, దీర్ఘచతురస్ర స్థలానికి డోనెలీ సవరణ వాడండి. అది ఆశించిన సగటును 3.83కు పెంచుతుంది, సూచిక 1.07కు దిగుతుంది. ప్రామాణిక దోషం 0.39 మీటర్లు కాబట్టి 0.27 మీటర్ల తేడాకు విలువ లేదు. క్రమబద్ధం వైపు కనిపించిన మొగ్గులో పెద్ద భాగం అంచుదే. 10 మీటర్ల గడుల లెక్క, ఈ సవరించిన సూచిక రెండూ R భాషలో ఇలా వేయవచ్చు:

```r
library(spatstat)
X <- ppp(x, y, c(0,40), c(0,40))
quadrat.test(X, nx=4, ny=4)
clarkevans(X, correction="Donnelly")
```

`x`, `y` అంటే ఒక మూల నుంచి మీటర్లలో కొలిచిన దూరాలు.

సవరించాక కూడా గుంపులు రాకపోతే

ఇక లెక్కలో దోషం లేదు. రెండో కారణం సూచిక స్వభావమే. ఈ సూచిక ఒక్క దగ్గరి పొరుగునే చూస్తుంది. తోపులో పక్కపక్క చెట్ల మధ్య నాలుగు మీటర్లున్నా, అలాంటి ఆరు చెట్లు ఒకచోట చేరి పక్కన పెద్ద ఖాళీ ఉండవచ్చు. గడుల లెక్క ఆ ఖాళీని పట్టుకుంటుంది, దూరం పట్టుకోలేదు. కాబట్టి రెండు ఫలితాలూ నిజమే: గుంపు లోపల ఎడం, గుంపుల మధ్య ఖాళీ.

కొలిచేటప్పుడు కాండం లేవని మొక్కలను కలిపితే దూరాలు సగం మీటరుకు పడిపోయి సూచిక 1 కంటే బాగా దిగుతుంది. అది కొత్త మొలకల కథ, చెట్ల కథ కాదు. రెండింటినీ విడివిడిగా లెక్కించండి. నాటిన జీడితోటలో మరో చిక్కుంది: గడి గీత వరుసల ఎడానికి సరిపోతే ప్రతి గడిలోనూ ఒకే సంఖ్య పడి నిష్పత్తి సున్నా అవుతుంది. అక్కడ గడులను వరుసలకు ఏటవాలుగా తిప్పి మళ్లీ లెక్కపెట్టండి.