‘మేము’లో కలిసిపోయిన ‘నేను’ – మూడో పాఠం: శనివారం రెండు గంటలు

పోయిన పాఠంలో ఇచ్చిన పని చేసే ఉంటారు. ‘నేను ఎవరు?’ అన్న ఒకే ప్రశ్నకు ఇరవై జవాబులు, ఎక్కువ ఆలోచించకుండా, కొట్టివేతలు లేకుండా రాయమన్నాను. మాన్‌ఫర్డ్ కూన్, థామస్ మెక్‌పార్ట్‌లాండ్ అనే ఇద్దరు సామాజిక శాస్త్రవేత్తలు 1954లో ప్రచురించిన పరీక్ష అది. ఈ పాఠంలో ఆ కాగితాన్ని నేను కొంచెం వేరుగా వాడతాను.

కాగితం ముందు పెట్టుకుని, మీ భాగస్వామి ఒక నెల ఊళ్లో లేకపోయినా నిజంగా నిలిచే జవాబుల పక్కన చుక్క పెట్టండి. ‘మేం రాత్రిళ్లు సినిమాలు చూస్తాం’ పక్కన చుక్క పడదు. ‘నాకు లెక్కలంటే ఇష్టం’ పక్కన పడుతుంది. చుక్కలు తక్కువగా ఉన్నాయని కంగారు పడకండి. దగ్గరితనం పెరిగితే ఇద్దరి ఇష్టాలు కొంత కలవడం మామూలే. ఈ పాఠంలో చూడాల్సింది ఆ జవాబుల చివర ఉన్న క్రియని.

నేను మొదటిసారి రాసినప్పుడు పదకొండో జవాబు దగ్గరే ఆగిపోయాను. చుక్కలు ఐదు పడ్డాయి. ఆ ఐదింట్లో మూడు ఇలా ఉన్నాయి: ‘బొమ్మలు వేసేదాన్ని’, ‘రోజూ నడిచేదాన్ని’, ‘ఉత్తరాలు రాసేదాన్ని’. చేస్తాను అని రాయలేకపోయాను, చెయ్యను అని కూడా రాయలేదు. మీ కాగితంలో ‘వేసేదాన్ని’, ‘ఆడేవాణ్ణి’ లాంటి మాటలన్నిటి కిందా గీత గీయండి. మీ మీద మీకు ఇంకా హక్కు మిగిలి ఉన్నది అక్కడే.

గీత పడినవన్నీ వెనక్కి తెచ్చుకోనక్కర్లేదు. కొన్ని మనమే కావాలని వదిలేస్తాం, కొన్ని మనకు తెలియకుండానే జారిపోతాయి. రెంటికీ తేడా తెలియాలంటే ఒక ప్రశ్న చాలు: ‘ఇది ఎప్పుడు మానేశాను?’ ఉత్తరాలు ఎప్పుడు, ఎందుకు మానేశానో నాకు బాగా గుర్తుంది. విసుగొచ్చి మానేశాను. బొమ్మలు మానేసిన రోజు మాత్రం ఎంత వెతికినా దొరకలేదు. ఎందుకంటే అలాంటి రోజే లేదు. శనివారం పొద్దున ఏడు గంటలకు నేనూ, నా స్నేహితురాలూ పార్కులో కూర్చుని పెన్సిల్‌తో బొమ్మలు వేసేవాళ్లం. పెళ్లయ్యాక శనివారం మావారు ఇంట్లో ఉండే రోజు అయింది. ఒక వారం ‘ఈసారికి వద్దులే’ అన్నాను. మరో వారం కూడా అన్నాను. కొన్నాళ్లకు తనే అడగడం మానేసింది. మావారు ఒక్కసారి కూడా వెళ్లొద్దు అనలేదు. తేదీ గుర్తులేని ఇలాంటి నష్టాలే మనం వెతుకుతున్నవి. వాటిలో ఒక్కదాన్ని ఎంచుకోండి.

అన్నిటికంటే పెద్దదాన్ని ఎంచుకోవద్దు. రెండు గంటల్లో అయిపోయేది, ఇంటి బయట జరిగేది, వీలైతే ఇంకో మనిషితో ముడిపడినది అయితే మంచిది. రోజు, గంట ముందే ఖాయం చేసుకోండి. ‘వీలున్నప్పుడు వెళ్తాను’ అనుకుంటే ప్రతి వారం కొత్తగా నిర్ణయించుకోవాలి. ఆ నిర్ణయం తీసుకునే క్షణంలో సోఫాలో కూర్చున్న భాగస్వామి ముఖం ఎదురుగా ఉంటుంది, స్నేహితురాలి ముఖం ఉండదు. ఎవరు గెలుస్తారో మీకు తెలుసు.

తర్వాత ఇంట్లో చెప్పాలి. ఇక్కడ నేను చేసిన పొరపాటు వివరంగా చెబుతాను, ఎందుకంటే చాలామంది ఇదే చేస్తారు. ‘శనివారం బొమ్మలు వేసుకోవడానికి వెళ్లనా?’ అని అడిగాను. ‘వెళ్దాం, నేనూ వస్తా’ అన్నారు ఆయన, ఎంతో ప్రేమగా. వచ్చారు. బెంచీ మీద నా పక్కనే కూర్చున్నారు. అరగంట అయ్యాక ‘ఇంకా ఎంతసేపు?’ అన్నారు. నా బొమ్మలో బెంచీ వెనక చెక్కకు సగమే నీడ వేసి పుస్తకం మూసేశాను. తప్పు ఆయనది కాదు. నేను అడిగిన తీరులోనే ఆయన జొరబడడానికి చోటుంది.

రెండోసారి ఇలా చెప్పాను: ‘ఇకనుంచి శనివారం ఏడింటికి నేను బొమ్మలు వేసుకోవడానికి వెళ్తున్నాను. తొమ్మిదిన్నరకల్లా వచ్చేస్తాను. ఆ టైము నాకు ఒక్కదానికే కావాలి. వచ్చాక మిగతా రోజంతా మనిద్దరిదే.’ ఇందులో అనుమతి అడగలేదు. పాత లెక్కలు తియ్యలేదు, ‘నీ వల్లే మానేశాను’ అన్న మాట రాలేదు. ఎప్పుడు వెళ్తానో, ఎప్పుడు వస్తానో, ఆ టైము నా ఒక్కదానిదని మాత్రమే ఉంది. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ‘నా మీద ఏమైనా కోపమా?’ అన్నారు. ఈ ప్రశ్న మీకూ ఎదురుకావచ్చు. ‘కోపం లేదు. ఇది నాకు బాగా ఇష్టమైన పని, పోగొట్టుకున్నాను’ అని ఒక్కసారి చెప్పి ఆగండి. పది కారణాలు చెబితే అవతలివాళ్లకు నిజంగానే ఏదో దాస్తున్నారనిపిస్తుంది.

ఇక స్నేహితురాలికి మెసేజ్. మొదట నేను రాసింది ఫోన్ తెర నిండా ఉంది. ఎందుకు కలవలేదో, ఎంత సిగ్గుగా ఉందో, తను ఏమనుకుందో అన్నీ రాశాను. చదువుకుంటే అర్థమైంది, ఆ మెసేజ్ తనకు ఓదార్చే పని అప్పగిస్తోంది. చెరిపేసి ఇది పంపాను: ‘ఇవాళ పాత స్కెచ్ పుస్తకం దొరికింది. మధ్యలో కనపడకుండా పోయింది నేనే, సారీ. వచ్చే శనివారం ఏడింటికి పార్కుకు వెళ్తున్నాను, వస్తావా?’ ఒక జ్ఞాపకం, ఒక క్షమాపణ, ఒక రోజు. అంతకంటే అక్కర్లేదు.

‘ఇన్నాళ్లకు ఏ ముఖం పెట్టుకుని?’ అనిపిస్తుంది. పరిశోధకురాలు పెగ్గీ లియు బృందం 2022లో ప్రచురించిన ప్రయోగాల్లో తేలింది ఏమిటంటే, మనం పలకరిస్తే అవతలివాళ్లు ఎంత సంతోషిస్తారో మనం తక్కువగా అంచనా వేస్తాం. పలకరింపు ఎంత అనుకోనిదైతే వాళ్లకు అంత బాగా అనిపిస్తుంది. నాకు వచ్చిన జవాబు: ‘ఎక్కడికి పోయావే ఇన్నాళ్లు? ఈ వారం కుదరదు, పై వారం వస్తా.’ జవాబే రాకపోయినా మీ శనివారం మాత్రం రద్దు చేయకండి. అది ఆమె రావడం మీద ఆధారపడకూడదు.

మొదటి వారాలు బాగుంటాయని ఆశించవద్దు. తొలి శనివారం నేను బొమ్మ కంటే ఫోన్నే ఎక్కువ చూశాను. చెయ్యి బిగుసుకుపోయింది, నీళ్ల సీసా మూత గుండ్రంగా రాలేదు. ఇంట్లో ఆయన ఒక్కరే ఉన్నారన్న గిల్టీ ఫీలింగ్ ఒక పక్క. అందుకే నాలుగు వారాల వరకు సంతోషం కలిగిందా లేదా అని కొలవకండి. వెళ్లానా, లేదా? అంతే రాసుకోండి. ఆ నాలుగు వారాల్లో రెండు, మూడుసార్లు మానేస్తే, ఆ పొద్దున ఏం జరిగిందో ఒక్క వాక్యంలో రాయండి. ‘ఆయనకు సెలవు ఉందని’ అని రాశారా, ‘ఆయనే వెళ్లొద్దు అన్నారని’ రాశారా అన్నది వచ్చే పాఠానికి కావాలి.

ఒక హద్దు మాత్రం చెప్పి తీరాలి. భాగస్వామి చిన్నబుచ్చుకోవడం, రెండు రోజులు ముభావంగా ఉండడం ఒకటి. వెళ్లినందుకు అరవడం, ఫోన్ తీసి చూడడం, డబ్బు ఆపేయడం, ఎక్కడున్నావో నిమిషనిమిషానికి చెప్పమనడం ఇంకొకటి. రెండోది ఇద్దరూ కలిసిపోవడం కాదు, ఒకరు ఇంకొకరిని అదుపులో పెట్టడం. అలా ఉంటే ఈ అభ్యాసం ఆపండి. పైన చెప్పిన వాక్యాలు ఇంట్లో ప్రయత్నించకండి. ముందుగా మీరు నమ్మే ఒక మనిషికి, లేదా గృహహింస బాధితులకు సాయం చేసేవాళ్లకు ఉన్న సంగతి చెప్పండి.

ఈ వారం పని: గీత పడిన వాటిలో తేదీ గుర్తులేని ఒకదాన్ని ఎంచుకుని, ఏ రోజు, ఏ గంటకో ఖాయం చేసి, ఇంట్లో చెప్పబోయే నాలుగు వాక్యాలు కాగితం మీద రాయండి. వాటిని పైకి చదవండి. చివర్లో ప్రశ్న గుర్తు ఉంటే మళ్లీ రాయండి.