జవాబిచ్చే వేళలు, అత్యవసర మార్గం: ఫ్రీలాన్సర్ తన క్లయింట్లకు లేఖ ఎలా రాయాలి?

నేను వెబ్‌సైట్ల నిర్వహణ పని చేస్తాను. ఒక రాత్రి 9:40కి ఒక క్లయింటు సైటులో డబ్బు చెల్లించే పేజీ ఆగిపోయింది. ఆయన నాకు చాట్‌లో మూడు సందేశాలు, ఆ తర్వాత ఒక మెయిల్ పంపి, నేను చూస్తాననే నమ్మకంతో నిద్రపోయారు. నేను వాటిని చూసింది మరునాడు ఉదయం 8 గంటలకు. ఫోన్ చేసి ఉంటే అరగంటలో సరిచేయగలిగిన పని అది. ఎందుకు చేయలేదని అడిగితే, ఆ వేళప్పుడు ఫోన్ చేయడం మర్యాద కాదనుకున్నానని చెప్పారు. ఆయన తప్పేమీ లేదు, ఏ వేళలో ఎలా పిలవాలో నేను ఎన్నడూ రాసి ఇవ్వలేదు. ఆ వారంలోనే క్లయింట్లందరికీ ఒక లేఖ రాశాను. దాన్ని తయారుచేసిన క్రమాన్ని ఇక్కడ వివరిస్తున్నాను.

1. ముందుగా పాత సందేశాలను చదవండి

లేఖ మొదలుపెట్టే ముందు గత నాలుగు వారాల సందేశాలను తెరిచి, పని వేళల తర్వాత వచ్చినవాటిని మాత్రం ఒక కాగితం మీద రాసుకోండి. ఏ మార్గంలో వచ్చింది, ఎన్ని గంటలకు వచ్చింది, మరునాటి ఉదయం దాకా ఆగితే క్లయింటుకు నిజంగా నష్టం జరిగేదా అనే మూడు వివరాలు చాలు. నా కాగితం మీద పదకొండు సందేశాలు తేలాయి, వాటిలో ఆగలేనివి రెండే. మిగిలిన తొమ్మిదీ మనసులో ఉన్నప్పుడే చెప్పేద్దామని పంపినవి, వాటికి ఆ రాత్రే జవాబు రావాలని పంపినవారు కూడా ఆశించలేదు. క్లయింట్లు వేళకాని వేళ విసిగిస్తున్నారనే భావన ఈ లెక్కతో చాలావరకు పోతుంది, లేఖలో ఫిర్యాదు స్వరం కూడా దొర్లదు.

2. జవాబు వేళను గంటల్లో చెప్పండి

చాలామంది ఇక్కడ "24 గంటల్లో జవాబిస్తాను" అని రాసి ఊరుకుంటారు. శుక్రవారం సాయంత్రం 6 గంటలకు మెయిల్ పంపిన క్లయింటు ఆ మాట ప్రకారం శనివారం సాయంత్రానికి జవాబు వస్తుందని లెక్క వేసుకుంటారు, మీరేమో సోమవారం అనుకుంటారు. ఇద్దరి లెక్కా సబబే, వాక్యంలోనే లోపం ఉంది. అందుకే పని దినాలు ఏవో పేరు పెట్టి చెప్పి, ఆ రోజుకు ఒక గడువు వేళ పెట్టాలి. సాయంత్రం 4 గంటలలోపు అందిన మెయిల్‌కు అదే రోజు, ఆ తర్వాత అందినదానికి మరుసటి పని దినం మధ్యాహ్నం ఒంటిగంటలోపు జవాబిస్తాను అని రాస్తే సందేహానికి తావుండదు.

మీరు మామూలుగా గంటలోనే జవాబిచ్చేవారైనా లేఖలో అంత తక్కువ వ్యవధి రాయకండి. రద్దీగా ఉన్న రోజున కూడా నిలబెట్టుకోగల మాటే అందులో ఉండాలి.

జవాబివ్వడం వేరు, పని పూర్తిచేయడం వేరు. ఈ తేడాను లేఖలో ఒక వాక్యంలోనైనా చెప్పకపోతే, మధ్యాహ్నం ఒంటిగంటకల్లా మార్పు సైటులో కనిపిస్తుందని క్లయింటు ఎదురుచూస్తారు. ఆ వేళకు మీరు ఇచ్చేది, సందేశం చూశారన్న మాట, పని ఎప్పటికి అవుతుందన్న అంచనా మాత్రమే.

క్లయింటు వేరే దేశంలో ఉంటే వేళలను ఆయన గడియారం ప్రకారం రాయండి. కొన్ని దేశాల్లో వేసవికి గడియారాన్ని ఒక గంట ముందుకు జరుపుతారు, మీరున్న చోట ఆ పద్ధతి లేకపోవచ్చు. చలికాలంలో మీకంటే ఐదు గంటలు వెనుక ఉన్న క్లయింటుకు మీ ఉదయం 10 నుంచి సాయంత్రం 6 వరకు అంటే ఆయన ఉదయం 5 నుంచి మధ్యాహ్నం ఒంటిగంట వరకు. వేసవిలో తేడా నాలుగు గంటలకు తగ్గి, అవే వేళలు ఆయనకు ఉదయం 6 నుంచి మధ్యాహ్నం 2 వరకు అవుతాయి. గడియారం మారిన వారంలో అలాంటి క్లయింట్లకు ఒక చిన్న మెయిల్ పంపడం మేలు.

3. ఏది అత్యవసరమో ఉదాహరణలతో చెప్పండి

"నిజంగా అత్యవసరమైతేనే ఫోన్ చేయండి" అనే వాక్యం రెండు రకాలుగా బెడిసికొడుతుంది. మొహమాటస్థులు సైటు మూతపడినా ఫోన్ చేయరు, తొందరపడేవారు రంగు మార్చమనడానికి కూడా చేస్తారు. కాబట్టి మీ కాగితం మీదున్న సందేశాల నుంచే ఉదాహరణలు తీసుకుని, ఫలానావాటికి ఫోన్ చేయండి, ఫలానావాటికి మెయిల్ చాలు అని రాయండి. నా పనిలో సైటు అసలు తెరుచుకోకపోవడం, డబ్బు చెల్లింపు ఆగిపోవడం, తప్పుడు ధర లేదా బయటపడకూడని సమాచారం అందరికీ కనిపించడం మొదటి రకం. కొత్త ఫోటో, వాక్యం సవరణ, బిల్లు గురించిన ప్రశ్న రెండో రకం. అనువాదకులకైతే కొద్ది గంటల్లో అచ్చుకు వెళ్లబోయే ప్రతిలో తప్పు దొరకడం మొదటి రకంలోకి వస్తుంది.

4. అత్యవసరానికి ఒకే మార్గం, అది మోగేలా చూసుకోండి

నా అభిప్రాయంలో అత్యవసరానికి తగినది మామూలు ఫోన్ కాల్ ఒక్కటే. మెయిల్ స్పామ్‌లోకి వెళ్లిపోవచ్చు. చాట్‌లో రెండు టిక్కులు పడితే సందేశం ఫోన్‌కు చేరిందని అర్థం, మనిషి చదివాడని కాదు. కాల్ ఎత్తితే సంగతి తెలిసినట్టే, ఎత్తకపోతే తెలియలేదన్నది కూడా పిలిచినవారికి అప్పుడే తెలిసిపోతుంది. రెండు మూడు మార్గాలు చూపిస్తే క్లయింటు తనకు అలవాటైనదాన్నే ఎంచుకుంటారు, అది చాలాసార్లు చాటే అవుతుంది.

అయితే రాత్రి పూట ఫోన్‌ను డు నాట్ డిస్టర్బ్‌లో పెట్టే అలవాటు ఉంటే ఆ కాల్ కూడా మోగదు. కాబట్టి ఆ సెట్టింగులో క్లయింట్ల నంబర్లకు మినహాయింపు ఇవ్వండి. క్లయింటు ఆఫీసు నుంచి మీకు తెలియని నంబరుతో మరొకరు పిలిచే అవకాశం కూడా ఉంది కనుక, మళ్లీ చేసిన కాల్‌ను మోగనిచ్చే సెట్టింగును కూడా ఆన్ చేయండి. అది ఆన్‌లో ఉంటే, అదే నంబరు నుంచి రెండో కాల్ ఐఫోన్‌లో మూడు నిమిషాల్లోపు, ఆండ్రాయిడ్‌లో 15 నిమిషాల్లోపు వచ్చినప్పుడు ఫోన్ మోగుతుంది. లేఖలో "వెంటనే రెండోసారి చేయండి" అనే మాట తప్పక ఉండాలనేది ఇందుకే. "కాసేపాగి చేయండి" అని రాస్తే ఆ గడువు దాటిపోతుంది. లేఖ పంపే ముందు డు నాట్ డిస్టర్బ్ ఆన్ చేసి, ఇంట్లోవారి ఫోన్ నంబరును మీ కాంటాక్టుల నుంచి కాసేపు తీసేసి, దాని నుంచి రెండుసార్లు కాల్ చేయించి చూడండి.

ఫోన్‌లో చార్జింగు లేని వేళ, సిగ్నల్ అందని వేళ మీకూ ఉంటాయి. అప్పుడు ఏం చేయాలో కూడా లేఖలోనే చెప్పాలి. రాత్రి ఏ వేళ తర్వాత ఫోన్ ఎత్తుతానని మాట ఇవ్వలేరో ఆ వేళను దాచకుండా రాయండి. ఆ సమాచారం ముందే ఉంటే క్లయింటు వేరే ఏర్పాటు చేసుకోగలుగుతారు.

5. లేఖ రాయండి

ఒక్కో క్లయింటుతో ఉన్న ఒప్పందాన్ని ముందుగా చూసుకోండి. అందులో జవాబు వ్యవధి ఇప్పటికే ఉంటే, దాన్ని ఈ లేఖతో ఏకపక్షంగా మార్చడానికి వీల్లేదు, ఆ క్లయింటుతో విడిగా మాట్లాడాలి. అడ్డంకి లేనివారికి నేను పంపిన పాఠం ఇది:

> నమస్కారం అండీ,
>
> మీ సందేశాలకు ఏ వేళలో జవాబు వస్తుందో, ఆగలేని పని పడినప్పుడు నన్ను ఎలా అందుకోవాలో మీకు స్పష్టంగా తెలియాలని ఈ లేఖ రాస్తున్నాను.
>
> సోమవారం నుంచి శుక్రవారం వరకు ఉదయం 10 నుంచి సాయంత్రం 6 వరకు పనిలో ఉంటాను. సాయంత్రం 4 లోపు అందిన మెయిల్‌కు అదే రోజు, ఆ తర్వాత అందినదానికి మరుసటి పని దినం మధ్యాహ్నం ఒంటిగంటలోపు జవాబిస్తాను. పని ఎప్పటికి పూర్తవుతుందో ఆ జవాబులో చెబుతాను. మీరు ఏ వేళలోనైనా మెయిల్ పంపవచ్చు.
>
> సైటు తెరుచుకోకపోయినా, చెల్లింపులు ఆగినా, తప్పుడు సమాచారం అందరికీ కనిపిస్తున్నా సంకోచించకుండా ఫోన్ చేయండి. సెలవు రోజైనా సరే, ఉదయం 7 నుంచి రాత్రి 11 వరకు ఈ కాల్ తీసుకుంటాను. మొదటిసారి ఎత్తకపోతే వెంటనే రెండోసారి చేయండి, అప్పుడు నా ఫోన్ డు నాట్ డిస్టర్బ్‌లో ఉన్నా మోగుతుంది. అప్పటికీ అందకపోతే సైటు పేరు, కనిపిస్తున్న లోపం, అది మొదలైన సమయం ఎస్సెమ్మెస్‌లో పంపండి. చూసిన వెంటనే నేనే ఫోన్ చేస్తాను.
>
> రాత్రి 11 తర్వాత నేను అందుబాటులో ఉండను. ఆ వేళలో కూడా మీకు సహాయం అవసరమైతే చెప్పండి, విడిగా ఏర్పాటు గురించి మాట్లాడుకుందాం.
>
> ఈ పద్ధతి వచ్చే సోమవారం నుంచి మొదలవుతుంది. మీకు ఇబ్బంది కలిగించేది ఏదైనా ఉంటే ఆలోపు తెలియజేయండి.

చివర మీ పేరు, దాని కింద ఫోన్ నంబరు విడి వరుసలో రాయండి. కంగారులో ఉన్న మనిషి వెతికేది ఆ అంకెలనే.

6. పంపిన తర్వాత

లేఖను ఒక్కొక్కరికీ విడిగా, పేరుతో పంపండి. అందరి చిరునామాలూ ఒకే మెయిల్‌లో పెడితే మీ క్లయింట్లు ఎవరెవరో ఒకరికొకరికి తెలిసిపోతుంది. వేళలను, నంబరును మెయిల్ సంతకంలో కూడా చేర్చండి. ఆటోమేటిక్ జవాబు ఒక్కదాని మీదే ఆధారపడకండి, ఎందుకంటే జీమెయిల్‌లో అది ఒకే వ్యక్తికి నాలుగు రోజుల వ్యవధిలో సాధారణంగా ఒక్కసారే వెళుతుంది.

లేఖను నీరుగార్చేది ఎక్కువగా మనమే. రాత్రి 10 గంటలకు తీరిక దొరికిందని వాక్యం సవరణ గురించిన మెయిల్‌కు జవాబిస్తే, ఆ వేళలోనూ మనం అందుబాటులో ఉంటామని క్లయింటు నేర్చుకుంటారు. రాయాలనిపిస్తే రాసి, "Schedule send" తో మరునాటి ఉదయానికి పెట్టండి. చిన్న విషయానికి ఎవరైనా రాత్రి ఫోన్ చేస్తే విసుక్కోకుండా విని రాసుకుని, రేపు మధ్యాహ్నంలోపు మెయిల్‌లో జవాబిస్తానని చెప్పి పెట్టేయండి. ఆ విషయాన్ని మరునాడు మెయిల్‌లో ముగించడం మాత్రం మరచిపోకూడదు, మెయిల్ పంపినా పని జరుగుతుందని వారికి తెలిసేది అప్పుడే.

లేఖ పంపిన రెండు నెలలకు అదే క్లయింటు నుంచి రాత్రి 10:15కి కాల్ వచ్చింది. ఆయన తన కొడుకు ఫోన్ నుంచి చేశారు, ఆ నంబరు నా దగ్గర లేదు. మొదటి కాల్ మోగలేదు, వెంటనే చేసిన రెండోది మోగింది. సైటు భద్రతా సర్టిఫికెట్ గడువు తీరడంతో బ్రౌజర్లు హెచ్చరిక చూపి సందర్శకులను ఆపేస్తున్నాయి. 10:40కల్లా సైటు మామూలుగా తెరుచుకుంది.