గంట పాఠం, ఒక్క కాగితం

చెన్నైలో ఇంజినీరింగ్ చదువుతున్న మన తెలుగు పిల్లలకో చిట్కా. రికార్డు చేసిన పాఠాన్ని ఆపి ఆపి రాసుకోకండి. గంట పాఠానికి మూడు గంటలు పడుతుంది, చివరికి మిగిలేది సార్ మాటల నకలే.

మొదటిసారి 1.5 వేగంతో ఆపకుండా వినండి. కొత్త సూత్రం, లెక్క, "ఇక్కడ జాగ్రత్త" అన్న మాట వచ్చినప్పుడు నిమిషం మాత్రం రాసుకోండి: 14:20 బెర్నూలీ, 31:05 లెక్క. మామూలుగా పది పన్నెండు గుర్తులు చాలు. ఇరవై దాటాయంటే అన్నీ ముఖ్యమనుకుంటున్నారన్నమాట.

తర్వాత వీడియో మూసేసి, గుర్తున్నంత ఏ4 కాగితం ఒకవైపే రాయండి. అసలు పని ఇదే. ఖాళీలు మిగిలిన చోట్లకే తిరిగి వెళ్లి, అవి ఎర్ర పెన్నుతో నింపండి.

బెర్నూలీనే చూడండి. p + ½ρv² + ρgh = స్థిరం అని అందరికీ గుర్తుంటుంది. జారిపోయేవి షరతులు: ప్రవాహం నిలకడగా ఉండాలి, సాంద్రత మారకూడదు, ఘర్షణ ఉండకూడదు, ఒకే ప్రవాహరేఖ మీద పోల్చాలి. ఎరుపులో పడేవి సాధారణంగా ఇవే. పరీక్ష ముందురోజు ఆ ఎర్ర గీతలతోనే మొదలుపెట్టండి.