ఫ్యాన్లు తిరుగుతాయి, స్క్రీన్ మాత్రం నలుపే

బటన్ నొక్కితే ఫ్యాన్లు గిర్రున తిరుగుతాయి, మానిటర్‌లో మాత్రం ఏమీ రాదు. తిరుపతిలో మా పక్కింటి పిల్లోడి డెస్క్‌టాప్‌ ఇట్లాగే ఆగిపోయింది. షాపుకు మోసుకుపోయే ముందు ఇది చేసి చూడండి.

మొదట వెనక కేబుల్ చూడండి. గ్రాఫిక్స్ కార్డు ఉంటే మానిటర్ కేబుల్ దానికే పెట్టాలి, పైనున్న మదర్‌బోర్డు పోర్టుకు కాదు. ఇల్లు ఊడ్చినప్పుడు పీకి, మళ్లీ తప్పు చోట గుచ్చేది మామూలే.

అది సరిగ్గానే ఉంటే అసలు అనుమానం ర్యామ్ మీదే. పవర్ వైరు పూర్తిగా పీకి, బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకోండి. ర్యామ్ క్లిప్పులు తెరిచి స్టిక్కులు తీయండి. బంగారు రంగు అంచును పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొట్టు దులపండి. ఒక్క స్టిక్కునే, నాలుగు స్లాట్లుంటే ప్రాసెసర్ నుంచి రెండోదాంట్లో, క్లిక్‌మనేదాకా గట్టిగా నొక్కండి. పిల్లోడిది ఇక్కడే దారికొచ్చింది: ఒక చివర క్లిప్పు సగమే పడింది, పైనుంచి చూస్తే తెలియదు. రాకపోతే రెండో స్టిక్కుతో చూడండి.

అప్పటికీ నలుపే అయితే గ్రాఫిక్స్ కార్డు తీసి మళ్లీ గుచ్చండి, దాని పవర్ వైరు కూడా. ప్రాసెసర్‌లోనే గ్రాఫిక్స్ ఉంటే కార్డు పక్కనపెట్టి, కేబుల్‌ను మదర్‌బోర్డుకు పెట్టి చూడొచ్చు. ఇంటెల్‌లో పేరు చివర F ఉన్నవాటికి ఆ వీలు లేదు.

ఫ్యాన్లు రెండు సెకన్లు తిరిగి ఆగుతున్నా, కాలిన వాసన వస్తున్నా ఇది పనికిరాదు. పవర్ సప్లైనో బోర్డునో చూపించాల్సిందే.